శీర్షిక ఎంత పెద్దగా ఉండాలి? తెరను బట్టి అక్షరాన్ని పెంచే లెక్క

అచ్చు పత్రికలో శీర్షిక సైజు ఒక్కసారి తేలిపోయే విషయం. డెస్కులో కూర్చున్న సబ్‌ఎడిటర్‌కు కాలమ్ వెడల్పు తెలుసు, పేజీ వెడల్పు తెలుసు. బ్యానర్‌కు ఇన్ని పాయింట్లు, సింగిల్ కాలమ్ వార్తకు ఇన్ని పాయింట్లు అని పెట్టేస్తే, అది అనకాపల్లిలో చదివినా ఆదిలాబాద్‌లో చదివినా ఒకేలా కనిపిస్తుంది. కాగితం ఎక్కడికెళ్లినా అంతే ఉంటుంది మరి.

వెబ్ పేజీకి ఆ సుఖం లేదు. ఒకే శీర్షికను ఒకరు చేతిలో ఇమిడే ఫోన్‌లో చదువుతారు, ఇంకొకరు ట్యాబ్లెట్‌లో, మరొకరు ఆఫీసు బల్ల మీది పెద్ద మానిటర్‌లో. ఉదాహరణకు ఈ శీర్షిక తీసుకుందాం: ‘ఉత్తరాంధ్ర మత్స్యకారుల వలసబాట: తీరంలో చేప కరవు, గుజరాత్‌లో కూలి బతుకు’. కంప్యూటర్‌లో హుందాగా కనిపించాలని దీనికి 52 పిక్సెళ్ల అక్షరాలు పెట్టామనుకోండి. ఫోన్‌లో అది ఐదారు వరుసలకు విరిగి, తెర సగం తానే ఆక్రమిస్తుంది. వార్త మొదటి వాక్యం కోసం వేలితో పైకి జరపాల్సి వస్తుంది. పోనీ ఫోన్‌కు సరిపడేలా 28 పిక్సెళ్లు పెడితే, పెద్ద మానిటర్ మీద అది శీర్షికలా కాక మామూలు వాక్యంలా తేలిపోతుంది.

ఇక్కడ పిక్సెల్ అంటే తెర మీద ఉండే అసలు చుక్క కాదు. తెర తయారీలో 1080 చుక్కల వెడల్పు ఉన్న చాలా ఫోన్లు బ్రౌజర్‌కు తమ వెడల్పు 360 అనే చెబుతాయి. మూడు చుక్కలు కలిసి ఒక పిక్సెల్‌గా లెక్క. ఈ వ్యాసంలో పిక్సెల్ అన్న ప్రతిచోటా బ్రౌజర్ లెక్కలోని పిక్సెల్ అనే అర్థం.

మెట్టు మీంచి దూకే అక్షరం

2010లో అమెరికన్ డిజైనర్ ఈథన్ మార్కాట్ ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ అనే ఆలోచనను ముందుకు తెచ్చారు. ఫోన్‌కు ఒక సైటు, కంప్యూటర్‌కు ఇంకొక సైటు కట్టనక్కర్లేదని, ఒకే పేజీ తెరను బట్టి తనను తాను సర్దుకోవాలని ఆయన వాదన. అందుకు వాడిన సాధనాల్లో మీడియా క్వెరీ ఒకటి. ‘తెర వెడల్పు 768 పిక్సెళ్లు, అంతకు మించి ఉంటే శీర్షికను 52కు పెంచు’ అని బ్రౌజర్‌కు చెప్పే షరతు అది.

ఈ పద్ధతి పనిచేస్తుంది కానీ, రెండు కొలతల మధ్య ఏమీ ఉండదు. 767 పిక్సెళ్ల తెర మీద శీర్షిక 28. ఒక్క పిక్సెల్ పెరిగి 768 అయ్యేసరికి 52. నిలువుగా పట్టుకున్న ట్యాబ్లెట్‌లో, అడ్డంగా తిప్పిన ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో సగానికి కుదించిన విండోలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకచోట శీర్షిక మరీ చిన్నది, పక్కనే మరీ పెద్దది. మధ్యలో ఇంకో రెండు మూడు షరతులు పెడితే దూకే ఎత్తు తగ్గుతుంది. దూకడం మాత్రం ఆగదు. పైగా ప్రతి షరతునూ విడిగా చూసుకుంటూ ఉండాలి.

దీనికి విరుగుడుగా వచ్చిందే ఫ్లూయిడ్ టైపోగ్రఫీ. తెర వెడల్పు కొంచెం పెరిగితే అక్షరమూ కొంచెం పెరగాలి. ఒక కనిష్ఠం దగ్గర తగ్గడం ఆగాలి, ఒక గరిష్ఠం దగ్గర పెరగడం ఆగాలి. కోరుకునేది ఇంతే.

తెరలో నూరో వంతు

తెరతో పాటు పెరిగే కొలత సీఎస్ఎస్‌లో ఉంది. దాని పేరు `vw`. ఒక `vw` అంటే తెర వెడల్పులో నూరో వంతు. 360 పిక్సెళ్ల ఫోన్‌లో అది 3.6 పిక్సెళ్లు, 1160 పిక్సెళ్ల విండోలో 11.6.

అయితే శీర్షికకు నేరుగా `5vw` అని ఇచ్చేస్తే చాలదా? చాలదు. ఫోన్‌లో అది 18 పిక్సెళ్లే అవుతుంది, వార్త అక్షరానికీ శీర్షికకూ తేడా ఉండదు. 1920 పిక్సెళ్ల మానిటర్‌లో 96 అవుతుంది, అదొక గోడ పోస్టర్. తెర అయిదు రెట్లు పెరిగితే అక్షరమూ అయిదు రెట్లు పెరగాలని ఎవరూ కోరుకోరు. తెర పెరిగినంత వేగంగా కాక, నెమ్మదిగా పెరగాలి.

ఆటో మీటరు లెక్క ఇక్కడ పనికొస్తుంది. ఎక్కగానే కొంత స్థిరమైన చార్జీ, ఆపైన దూరాన్ని బట్టి కొంత. అక్షరానికీ అలాగే మారని భాగం ఒకటి, తెర వెడల్పును బట్టి పెరిగే భాగం ఒకటి కావాలి. ఆ రెండు భాగాలు ఎంతెంతో కనుక్కోవడమే మొత్తం విద్య. దానికి పదో తరగతి లెక్కల్లోని సరళరేఖ సరిపోతుంది.

నాలుగు అంకెలు చాలు

ముందుగా డిజైనర్ నాలుగు అంకెలు తేల్చుకోవాలి. ఎంత వెడల్పు దగ్గర అక్షరం పెరగడం మొదలవ్వాలి, అప్పుడు దాని పరిమాణం ఎంత, ఎంత వెడల్పు దగ్గర ఆగాలి, అప్పటికి ఎంత ఉండాలి. మన శీర్షికకు ఇలా పెట్టుకుందాం: 360 దగ్గర 28, 1160 దగ్గర 52.

వెడల్పు 360 నుంచి 1160కి చేరేలోపు 800 పెరిగింది. అక్షరం 28 నుంచి 52కు, అంటే 24 పెరిగింది. 800కు 24 అంటే ప్రతి నూరు పిక్సెళ్లకు 3. నూరుకు 3 అంటే సరిగ్గా `3vw`. పెరిగే భాగం దొరికింది.

ఇక మారని భాగం. 360 దగ్గర `3vw` విలువ 10.8. మనకు కావలసింది 28. తక్కువ పడింది 17.2. ఇదే లెక్క 1160 దగ్గర చేసి చూడండి. అక్కడ `3vw` విలువ 34.8, కావలసింది 52, తక్కువ పడింది మళ్లీ 17.2. రెండు చివరలా ఒకే అంకె వచ్చింది కాబట్టి లెక్క సరిపోయింది. వేర్వేరు అంకెలు వస్తే ఎక్కడో తప్పు పడినట్టే, కోడ్ రాయకముందే పట్టుకోవచ్చు.

ఆ 17.2ను పిక్సెళ్లలో కాకుండా `rem` అనే కొలతలో రాయడం మంచిది. బ్రౌజర్ మామూలు అక్షర పరిమాణాన్ని ఒక `rem` అంటారు. సాధారణంగా అది 16 పిక్సెళ్లు. 17.2ను 16తో భాగిస్తే 1.075. అలాగే 28 అంటే 1.75, 52 అంటే 3.25. ఇక రాయాల్సింది ఒకే ఒక్క వరుస:

```css
h1 {
  font-size: clamp(1.75rem, 1.075rem + 3vw, 3.25rem);
}
```

`clamp()` మూడు విలువలు తీసుకుంటుంది: కనిష్ఠం, కోరుకున్నది, గరిష్ఠం. మధ్య విలువ కనిష్ఠం కంటే తగ్గితే కనిష్ఠాన్నే ఇస్తుంది, గరిష్ఠాన్ని దాటితే గరిష్ఠం దగ్గర నిలబెడుతుంది. 320 పిక్సెళ్ల పాత ఫోన్‌లోనూ శీర్షిక 28 కంటే తగ్గదు. 1920 మానిటర్‌లోనూ 52 దాటదు. మధ్యలో 600 వెడల్పు దగ్గర 35.2, ఇందాక దూకుడు కనిపించిన 768 దగ్గర 40 చిల్లర. ఎక్కడా మెట్టు లేదు.

ఈ లెక్క `clamp()` కంటే ముందే పుట్టింది. మైక్ రీత్‌ముల్లర్, టిమ్ బ్రౌన్ లాంటి డిజైనర్లు అదే సరళరేఖను `calc()`తో రాసేవారు. 2016లో బ్రౌన్ దీన్ని ‘సీఎస్ఎస్ లాక్స్’ అనే పేరుతో వివరించారు. మన అంకెలతో రాస్తే ఇలా ఉంటుంది:

```css
font-size: calc(28px + 24 * (100vw - 360px) / 800);
```

ఇందులో భాగహారం చేసే పని బ్రౌజర్‌దే. తెర 360 దాటి ఎంత పెరిగిందో చూసి, ఆ పెరుగుదలలో 800కు 24 వంతున కలుపుతుంది. కానీ దీనికి ఆగడం తెలియదు. 1920 తెర మీద దాదాపు 75 పిక్సెళ్లకు చేరుతుంది. అందుకే ఈ వరుసకు ముందొకటి, వెనకొకటి మీడియా క్వెరీలను కాపలా పెట్టాల్సి వచ్చేది. 2019 చివర్లో క్రోమ్, 2020 తొలి నెలల్లో సఫారీ, ఫైర్‌ఫాక్స్ `clamp()`ను అందించాక ఆ కాపలా అవసరం తీరింది. `clamp()` లోపల కూడికలు, గుణకారాలు నేరుగా రాయవచ్చు, మళ్లీ `calc()` పెట్టనక్కర్లేదు.

చూపు తగ్గినవారి సంగతి

ఇంతవరకూ అంతా సజావుగానే ఉంది. అసలు చిక్కు, పాఠకుడు అక్షరాలను పెద్దవి చేసుకోవాలనుకున్నప్పుడు మొదలవుతుంది.

కంట్రోల్, ప్లస్ నొక్కి పేజీని 200 శాతానికి జూమ్ చేస్తే అన్నీ రెట్టింపవుతాయని అనుకుంటాం. బ్రౌజర్ మాత్రం ఆ పనిని వేరేలా చేస్తుంది. ఒక్కో పిక్సెల్‌ను రెట్టింపు చేసి, తెర వెడల్పును సగంగా లెక్కగడుతుంది. 1160 పిక్సెళ్ల విండో కాస్తా 580 అవుతుంది. 580 వెడల్పుకు మన సూత్రం ఇచ్చేది 34.6. రెట్టింపు జూమ్‌లో అది కంటికి 69.2గా కనిపిస్తుంది. అంతకుముందు 52 ఉన్న శీర్షిక 104 కావాల్సింది, 69 దగ్గరే ఆగింది. పాఠకుడు రెట్టింపు అడిగితే మూడో వంతు మాత్రమే పెరిగింది. కారణం `vw` భాగమే. జూమ్ ఎంత చేసినా తెర తెరే, అందులో నూరో వంతు కంటికి అంతే ఉంటుంది.

వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని రూపొందించిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల్లో 1.4.4 అనే నియమం ఉంది. అక్షరాలను 200 శాతం వరకు పెంచుకోగలగాలని అది చెబుతుంది. మరి మన శీర్షిక ఆ పరీక్షలో నెగ్గుతుందా? నెగ్గుతుంది, కాస్త ఆలస్యంగా. 400 శాతం జూమ్ దగ్గర తెర 290 అవుతుంది, అక్షరం కనిష్ఠమైన 28 దగ్గర నిలుస్తుంది, కంటికి 112గా కనిపిస్తుంది. అంటే రెట్టింపు దాటింది.

ఇందులోంచే ఒక తేలిక కొలమానం వస్తుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ 500 శాతం వరకు జూమ్ ఇస్తాయి. ఆ చివరి జూమ్‌లో అక్షరం తక్కువలో తక్కువ కనిష్ఠానికి అయిదు రెట్లు ఉంటుంది. అది గరిష్ఠానికి రెట్టింపు కంటే తక్కువ కాకూడదంటే, గరిష్ఠం కనిష్ఠానికి రెండున్నర రెట్లు దాటకూడదు. మన 52, 28 మధ్య నిష్పత్తి రెండు రెట్ల లోపే. కాబట్టి భయం లేదు. అదే ఫోన్‌లో 24, కంప్యూటర్‌లో 96 కావాలని ఎవరైనా పట్టుబడితే, అది నాలుగు రెట్లు. 1160 తెర మీద ఎంత జూమ్ చేసినా ఆ శీర్షిక 96 నుంచి 120 దాకా మాత్రమే వెళుతుంది.

ఆ 24, 96 జంటలో ఇంకో దోషం కూడా దాగి ఉంది. లెక్క కడితే పెరిగే భాగం `9vw`, మారని భాగం రుణ సంఖ్య, మైనస్ 8.4 పిక్సెళ్లు వస్తుంది. దాన్ని `rem`లోకి మార్చాక, ఒక పాఠకుడు బ్రౌజర్ సెట్టింగ్స్‌లో మామూలు అక్షరాన్ని 16 నుంచి 24కు పెంచుకున్నాడనుకోండి. తీసివేయాల్సిన భాగమూ దానితో పాటు 12.6కు పెరుగుతుంది. 800 వెడల్పు తెర మీద 63.6 ఉన్న శీర్షిక 59.4కు తగ్గుతుంది. పెద్దది కావాలన్నవాడికి చిన్నది చూపించినట్టయింది. మారని భాగం రుణ సంఖ్యగా వచ్చిందంటే, వాలు మరీ ఎక్కువైందని అర్థం. నాలుగు అంకెలను మళ్లీ చూసుకోవాలి.

కనిష్ఠ గరిష్ఠాలను పిక్సెళ్లలో రాయవద్దనడానికి కారణమూ ఇదే. అన్నీ పిక్సెళ్లలో రాస్తే పాఠకుడి సెట్టింగ్ శీర్షికను అసలు తాకదు. వార్త అక్షరాలు పెరుగుతాయి, శీర్షిక మాత్రం కదలదు.

తెలుగు శీర్షికకు వరుసల మధ్య చోటు

ఇంగ్లిష్ సైట్ల నుంచి తెచ్చుకున్న డిజైన్లలో శీర్షిక వరుసల ఎత్తు తరచూ 1.1 ఉంటుంది. అంటే అక్షర పరిమాణానికి పదో వంతు మాత్రమే అదనం. ఇంగ్లిష్‌కు అది అందంగా ఉంటుంది. తెలుగులో ‘మత్స్యకారుల’ అన్న మాటలో త కింద స, య ఒత్తులు దిగుతాయి. ‘ఉత్తరాంధ్ర’లోనూ కిందకు దిగే ఒత్తులున్నాయి. కింది వరుసలో గుడి దీర్ఘమో తలకట్టో వచ్చిందంటే పై ఒత్తు దాన్ని ఢీకొంటుంది. శీర్షిక రెండు మూడు వరుసలకు విరిగే ఫోన్‌లోనే ఈ గొడవ ఎక్కువ. ఫాంటును బట్టి తేడా ఉన్నా, 1.4 దగ్గర మొదలుపెట్టి కంటితో చూసి సరిచేసుకోవడం మేలు.

ఆ ఎత్తును పిక్సెళ్లలో మాత్రం ఇవ్వకూడదు. 40 పిక్సెళ్ల వరుస ఎత్తు 28 అక్షరానికి చక్కగా సరిపోతుంది. అక్షరం 52కు పెరిగినా వరుస 40 దగ్గరే ఉండిపోతే, అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. కొలత పేరు లేకుండా వట్టి అంకె ఇస్తే వరుస కూడా అక్షరంతో పాటు పెరుగుతుంది:

```css
h1 {
  font-size: clamp(1.75rem, 1.075rem + 3vw, 3.25rem);
  line-height: 1.4;
  overflow-wrap: break-word;
}
```

చివరి వరుస మన భాష కోసమే. తెలుగులో మాటలు సంధులతో, విభక్తులతో సాగుతాయి. ‘విశ్వవిద్యాలయాలన్నింటిలోనూ’ లాంటి ఒక్క మాటే చిన్న ఫోన్ వెడల్పును దాటిపోయి, పేజీని పక్కకు జరిపేలా చేయవచ్చు. ఈ వరుస ఉంటే మాట విరిగి కింది వరుసలోకి దిగుతుంది. ఆ విరుపు అందంగా ఏమీ ఉండదు. అది ప్రమాదం తప్పించడానికే. అసలు మందు, కనిష్ఠ పరిమాణాన్ని మీ సైటులో వచ్చే పొడవైన మాటతో పరీక్షించి నిర్ణయించుకోవడమే.

పని చేయకపోతే ఎక్కడ చూడాలి

శీర్షిక ఏ తెర మీదా మారకుండా బ్రౌజర్ సొంత పరిమాణంలోనే ఉంటే, ముందుగా ప్లస్ గుర్తు చుట్టూ చూడాలి. `1.075rem+3vw` అని ఖాళీ లేకుండా రాస్తే బ్రౌజర్ ఆ వరుసను మొత్తంగా కొట్టిపారేస్తుంది. ప్లస్, మైనస్‌లకు రెండువైపులా ఖాళీ తప్పనిసరి. డెవలపర్ టూల్స్‌లో చూస్తే ఆ వరుస మీద కొట్టివేత గీత కనిపిస్తుంది.

కంప్యూటర్‌లో అంతా బాగుండి, అసలు ఫోన్‌లో మాత్రం పేజీ మొత్తం చీమ తలకాయంత కనిపిస్తే, పేజీ తలలో ఈ వరుస లేదన్నమాట:

```html
<meta name="viewport" content="width=device-width, initial-scale=1">
```

ఇది లేకపోతే ఫోన్ బ్రౌజర్లు సాధారణంగా తమ వెడల్పు 980 అని ఊహించుకుంటాయి. మన సూత్రం ఆ వెడల్పుకు తగ్గట్టు 46.6 ఇస్తుంది. తర్వాత పేజీ మొత్తాన్ని 360కి కుదించేసరికి కంటికి మిగిలేది 17 పిక్సెళ్లే. తప్పు సూత్రానిది కాదు, దానికి అందిన వెడల్పుది.

మూడో సమస్య కోడ్‌లో తప్పు కాదు, పద్ధతికున్న పరిమితి. `vw` చూసేది తెరను, శీర్షిక ఉన్న పెట్టెను కాదు. 1160 తెర మీద పక్కన 300 పిక్సెళ్ల చిన్న పెట్టెలో ఉన్న శీర్షికకూ అదే సూత్రం పెడితే అక్కడా 52 వస్తుంది, పెట్టెలో పట్టదు. ఇలాంటిచోట `vw`కు బదులు, పెట్టె వెడల్పును కొలిచే `cqi` అనే కొలత వాడాలి. బయటి పెట్టెకు `container-type: inline-size` అని చెప్పాలి. 2023 నాటికి ప్రధాన బ్రౌజర్లన్నీ దీన్ని అర్థం చేసుకుంటున్నాయి.

చివరి పరీక్షకు ప్రత్యేక సాధనాలేమీ అక్కర్లేదు. డెవలపర్ టూల్స్ తెరిచి, విండో వెడల్పును 360, 600, 768, 1160, 1920 దగ్గర నిలిపి, ‘కంప్యూటెడ్’ భాగంలో అక్షర పరిమాణం చూడండి. వరుసగా 28, 35.2, 40.24, 52, 52 రావాలి. తర్వాత 1160 దగ్గర 400 శాతం జూమ్ చేసి శీర్షిక నిజంగా రెట్టింపయిందో లేదో కళ్లతో చూసుకోండి. ఈ రెండో పరీక్షలో నెగ్గని శీర్షిక మొదటి దానిలో ఎంత నున్నగా పెరిగినా పనికిరాదు. గరిష్ఠాన్ని తగ్గించండి, లేదా కనిష్ఠాన్ని పెంచండి.